పులుపైనా ఉండాలి, పొడిగానైనా ఉండాలి

సికింద్రాబాద్‌లో పొద్దున్నే కాశీ వైపు రైలెక్కితే మళ్లీ నేల మీద కాలు పెట్టేది మర్నాడు మధ్యాహ్నానికే. మంచిర్యాల వచ్చేసరికి బోగీలో ఒక్కో సీటు దగ్గర డబ్బాల మూతలు లేస్తాయి. కిటికీ పక్క కుటుంబం దగ్గర పులిహోర ఉంది. ఎదురు సీటులో పిల్లల కోసం ఇంట్లోనే చేసుకొచ్చిన వెజ్ ఫ్రైడ్ రైస్ ఉంది. రెండూ తెల్లవారుజామున వండిన అన్నంతోనే చేశారు, రెండింటికీ స్టీలు డబ్బాలే వాడారు. ఆ రాత్రి నాగపూర్ దాటాక మిగిలినదాన్ని మళ్లీ తీస్తే పులిహోరతో ఇబ్బంది ఉండదు. ఫ్రైడ్ రైస్ తిన్న పిల్లవాడు మాత్రం బాత్‌రూమ్ దగ్గర నిలబడే ప్రమాదం ఉంది. ఒకే అన్నం ఒక డబ్బాలో నిలిచి ఇంకో డబ్బాలో ఎందుకు పాడవుతుందో తెలిస్తే ప్రయాణానికి ఏం కట్టుకోవాలో ఇంకెవరినీ అడగక్కర్లేదు.

బియ్యంతో పాటు పొలం మట్టి నుంచే ఒక సూక్ష్మజీవి మన వంటింటికి వస్తుంది. దాని పేరు బాసిల్లస్ సీరియస్. అన్నం ఉడికే వేడికి చాలా క్రిములు చచ్చిపోతాయి గానీ ఇది గట్టి పెంకున్న బీజంగా ముడుచుకుని ఆ వేడిని తట్టుకుంటుంది. అన్నం గోరువెచ్చగా అయ్యాక ఆ బీజాలు మొలకెత్తి, గంటల వ్యవధిలో లక్షలకు పెరుగుతాయి. పెరుగుతూ వాటిలో కొన్ని రకాలు ఒక విషాన్ని వదులుతాయి. కష్టమంతా ఆ విషంతోనే. క్రిమి చచ్చినా అది చావదు, మరిగించినా విరగదు. అందుకే పాడైన అన్నాన్ని మళ్లీ వేడి చేస్తే సరిపోతుందన్న నమ్మకం ఇక్కడ పనిచేయదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి. 1970ల తొలి ఏళ్లలో బ్రిటన్‌లో చైనా హోటళ్లకు వెళ్లినవాళ్లు వరుసగా ఇలా జబ్బుపడితే కారణం వెతికారు. ముందే వండి బయట ఉంచి, అడిగినప్పుడల్లా పెనం మీద వేయించి ఇచ్చిన అన్నం దగ్గర ఆ వెతుకులాట తేలింది. పొగలు కక్కుతూ వచ్చిన ప్లేటు కాబట్టి తిన్నవాళ్లెవరికీ అనుమానం రాలేదు. పైగా ఈ విషానికి వాసన లేదు, రుచి లేదు. జిగురు పట్టిన అన్నాన్ని, తీగ సాగే ఇడ్లీని ఎవరైనా పారేస్తారు. కానీ ఏ గుర్తూ కనిపించనంత మాత్రాన తిండి బాగుందని అర్థం కాదు.

మరి పులిహోరకు ఏ రక్ష ఉంది? చింతపండే దాని రక్ష. పులుపును కొలిచే పి.హెచ్ లెక్కలో అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. మామూలు అన్నం ఆరుకు పైన ఉంటుంది, చింతపండు గుజ్జు మూడు దరిదాపుల్లో ఉంటుంది. నిల్వ ఆహారాల లెక్కలో 4.6 ఒక గీత. ఆ గీతకు కిందికి దిగిన తిండిలో ప్రమాదకరమైన చాలా బాక్టీరియాలకు పెరిగే వీలుండదు. పులుసు ప్రతి మెతుక్కీ పట్టేలా కలిపితే అన్నమంతా ఆ గీత దగ్గరికో, దాని కిందికో వస్తుంది. ఉప్పు, నూనె తోడవుతాయి. అక్కడక్కడ తెల్లగా మిగిలిపోయిన మెతుకుల ఉండ ఉందనుకోండి, దానికి ఈ రక్షణ లేదు. రుచి కోసమే అనుకుంటూ మన పెద్దవాళ్లు ‘బాగా కలపమ్మా’ అని అంతగా పోరేది అందుకేనేమో!

ప్రయాణపు పులిహోర పండగ పులిహోర కంటే కాస్త ఘాటుగా ఉండాలి. నలుగురికి ఒక పూటకు అరకిలో బియ్యం సరిపోతాయి. వాటికి వంద గ్రాముల చింతపండును వేడి నీళ్లలో నానబెట్టి, చిక్కగా గుజ్జు తీయాలి. నీళ్లు ఎంత తక్కువ పోస్తే అంత మంచిది. పసుపు, ఉప్పు, నిలువుగా చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు, వందగ్రాముల లోపు నూనె వేసి సన్నసెగ మీద ఉడికించాలి. గుజ్జు దగ్గరపడి, గరిటెతో పక్కకు జరిపితే అంచున నూనె తేలాలి. అప్పటికి గుజ్జులోని నీరు పోయినట్టు లెక్క. అన్నం పలుకుగా వండి, వార్చిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, ఒక చెంచా నువ్వుల నూనె చల్లి ఆరనివ్వాలి. గిన్నెలోనే వదిలేస్తే నడుమ గంటల కొద్దీ వెచ్చగానే ఉంటుంది, బీజాలకు కావలసిందీ అదే. ఫ్యాను కింద పలచగా పరిస్తే అరగంటలోపే చల్లారుతుంది. తర్వాత పొడి గరిటెతో పులుసు కలిపి, ఇంగువ, ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, పల్లీలతో పోపు పెట్టాలి. కలిపిన వెంటనే నాలుక్కి ‘అబ్బా, కాస్త ఎక్కువైంది’ అనిపించాలి. రెండు గంటల్లో అన్నం ఆ పులుపును పీల్చుకుంటుంది.

ఆవ పెట్టిన పులిహోర ఇష్టమైనవాళ్లు పచ్చి ఆవాలను నీళ్లతో నూరి చివర్లో కలపకుండా, వేయించిన ఆవపొడిని ఉడుకుతున్న పులుసులోనే వేస్తే నయం. కొబ్బరి ముక్కలు వద్దు, పచ్చి ఉల్లిపాయ అసలే వద్దు. నిమ్మకాయ పులిహోరనూ మామిడికాయ పులిహోరనూ చింతపండు పులిహోరతో సమానంగా నమ్మకండి. నిమ్మరసం కూడా గట్టి పులుపే గానీ రుచి చెడుతుందని తక్కువ పిండుతాం. మామిడి కోరులో నీరెక్కువ. ఆ రెండూ మధ్యాహ్నానికే తినేయాలి.

డబ్బాలో పెట్టేటప్పుడు చాలామంది తొందరపడతారు. వేడి మీద మూత బిగిస్తే ఆవిరి మూతకు తగిలి నీటిబొట్లుగా అన్నం మీద రాలుతుంది. పులుపూ ఉప్పూ పట్టిన పై పొర ఆ చెమ్మతో పలచబడి, పాడవడం అక్కడే మొదలవుతుంది. మధ్యాహ్నానికి ఒక డబ్బా, రాత్రికి ఒక డబ్బా విడిగా కట్టుకోవాలి. ఒకే పెద్ద డబ్బా అయితే మధ్యాహ్నం నలుగురి చేతులూ అందులో పడతాయి. చేతి మీద, ముక్కులో ఉండే స్టెఫిలోకాకస్ అనే క్రిమిది ఇంకో రకం పేచీ. ఉప్పదనాన్ని, కాస్త పొడిదనాన్ని కూడా అది ఓర్చుకుంటుంది, దాని విషమూ వేడికి విరగదు. కాబట్టి డబ్బాలోకి దిగాల్సింది గరిటే, చెయ్యి కాదు. శానిటైజర్ నూనె చేతుల మీద సరిగా పనిచేయదు గనుక సంచిలో చిన్న సబ్బుముక్క ఉండాలి.

ఇక రోజంతా ఎలా సాగుతుందో చూద్దాం. తెల్లవారుజామున నాలుగున్నరకు వంట, తొమ్మిదికి రైలు అనుకుందాం. మొదటి టిఫిన్‌కి ఇడ్లీ మంచి పని చేస్తుంది. పిండి పులిసిందే కదా. రెండు వైపులా నూనె, కారప్పొడి పట్టించి చల్లారాక కట్టుకుంటే పది, పదకొండు లోపు తినేయొచ్చు. కొబ్బరి చట్నీని మాత్రం ఇంట్లోనే వదిలేయండి. పచ్చి కొబ్బరి, నీళ్లు, పుట్నాలు కలిపి రుబ్బిన చట్నీ వేసవిలో రెండు మూడు గంటలకే పొంగడం మొదలుపెడుతుంది. ఉడికిన గుడ్లు కూడా ఈ మొదటి పూటకే. గుడ్డు, మాంసం, పాలు, పనీర్ వంటివి బయట రెండు గంటలకు మించి ఉండకూడదన్నది అందరూ ఒప్పుకున్న హద్దు. ఎండ 32 డిగ్రీలు దాటితే ఆ హద్దు గంటే. మన ఊళ్లలో ఏప్రిల్, మే నెలల్లో 32 అంటే పొద్దున పూటే!

మధ్యాహ్నానికి పులిహోర, దాని వెనక పెరుగన్నం. పెరుగన్నం దగ్గర నాకొక అభ్యంతరం ఉంది. ఊరెళ్లేటప్పుడు అన్నంలో పాలు పోసి, ఒక చెంచా పెరుగు తోడు వేసి కలుపుతారు. తినే వేళకు కమ్మగా తోడుకుని ఉంటుంది, అతిగా పులవదు. ఉపాయం అందంగానే ఉంది. కానీ అది తోడుకునేందుకు పట్టే ఆ నాలుగైదు గంటలూ గోరువెచ్చని పాలన్నంలో పులుపు లేదు. తోడు చురుగ్గా ఉంటే పెరుగు క్రిములు గెలుస్తాయి, బలహీనంగా ఉంటే ఎవరు గెలుస్తారో చెప్పలేం. అందువల్ల అన్నాన్ని పూర్తిగా చల్లార్చి, అన్నమెంతో గట్టి పెరుగూ అంతే వేసి, పులుపు విరగడానికి రెండు మూడు చెంచాల పాలు మాత్రం కలిపితే మొదటి నిమిషం నుంచే రక్షణ ఉంటుంది. కాస్త పుల్లగా ఉంటుంది, ఉండనివ్వండి. దాన్ని కూడా మధ్యాహ్నం దాటనివ్వకండి.

రాత్రికి రెండో పులిహోర డబ్బా గానీ చపాతీలు గానీ. పులిహోర మర్నాటి దాకా కూడా బాగానే ఉంటుందని చెప్పేవాళ్లున్నారు. చలికాలంలో, పులుపు గట్టిగా పడితే ఉండవచ్చు. ఏసీ లేని బోగీలో, వేసవిలో అయితే రాత్రి భోజనంతో దాన్ని ముగించి డబ్బా కడిగేయడమే నా పద్ధతి. చపాతీ పిండిని పాలతో కలిపితే మెత్తగా ఉంటాయి, తొందరగా పాడవుతాయి. నీళ్లు, నూనెతోనే కలిపి, రెండు వైపులా బాగా కాల్చి, విడివిడిగా ఆరనిచ్చి గుడ్డలో చుట్టాలి. వాటిలోకి బంగాళాదుంప కూర తీసుకెళితే చపాతీ ఆగినా కూర ఆగదు. కరకరలాడేలా వేయించిన కాకరకాయ కారం, ఆవకాయ, నువ్వులపొడి, బెల్లం ముక్క, వీటిలో ఏదైనా చాలు.

రెండో రోజుకు పులుపు బలం సరిపోదు, పొడిదనం కావాలి. క్రిములు పెరగాలంటే వాటికి అందే నీరుండాలి. జంతికల్లో, చేగోడీల్లో, వేయించిన అటుకుల్లో, సున్నుండల్లో, పల్లీ పట్టీల్లో, నూనె పిండిన అరిసెల్లో ఆ నీరు లేదు. జొన్న రొట్టెను పలచగా చేసి పెనం మీద అప్పడంలా కరకరలాడే దాకా కాలిస్తే రోజుల తరబడి ఉంటుంది. పల్లికారం, కాస్త నూనె ఉంటే అదే భోజనం. ఒక చిన్న ఏర్పాటు చాలామందికి తట్టదు: ఉడికించిన పులిహోర పులుసును కొంచెం ఎక్కువ చేసి, పొడి సీసాలో విడిగా పోసుకోవడం. అన్నం లేదు గనుక అది రెండో రోజుకూ భేషుగ్గా ఉంటుంది. రైల్లో అప్పుడే వచ్చిన వేడి భోజనం కొనుక్కుని, అందులోని పప్పునూ కూరనూ నమ్మలేకపోతే, తెల్లన్నంలో ఈ పులుసు కలుపుకోవచ్చు. ఆవకాయ కూడా ఇదే పని చేస్తుంది. ఒక్క మాట, బీపీ ఉన్న పెద్దవాళ్లకు ఈ పొడి తిళ్లలోనూ పచ్చళ్లలోనూ ఉప్పు పేరుకుపోతుంది. వాళ్లకు అరటిపళ్లు, ఉప్పులేని వేయించిన శనగలు విడిగా పెట్టండి.

బస్సు ప్రయాణం సంగతి వేరు. హైదరాబాద్ నుంచి బెంగళూరుకో తిరుపతికో రాత్రి బస్సులో వెళితే ఎక్కడ ఆగాలో నిర్ణయించేది డ్రైవరు. అర్ధరాత్రి ట్యూబులైట్ల కింద ఒకటే హోటలు, ఇరవై నిమిషాలు. ఏం తినాలన్న ప్రశ్నను ‘అది ఎప్పుడు వండారు?’ అని మార్చి చూడండి. మీ కళ్లముందు పెనం మీద పోసిన దోసె, పగలగొట్టి వేసిన ఆమ్లెట్, పొంగుతున్న టీ, ఇవన్నీ నిమిషం క్రితం దాకా మంట మీద ఉన్నవే. దోసె పక్కన పడే చట్నీ ఎప్పటిది? బకెట్ అంచున ఎండిన చట్నీ చార చూస్తే తెలుస్తుంది. సాయంత్రం రుబ్బిన దానిలోనే మళ్లీ మళ్లీ నీళ్లు కలుపుతూ తిప్పుతుంటారు. దోసె తిని, చట్నీ వదిలేసి, సంచిలోని కారప్పొడి వేసుకుంటే సరి.

ఫ్రైడ్ రైస్ కథ ఇందాకే చెప్పుకున్నాం. కౌంటరు పక్కన టబ్బులో తెల్లగా పేర్చిన అన్నం కనిపిస్తే ఆ మంట ఎంత ఎత్తున లేచినా మోసపోకండి. పెద్ద గుండిగల్లో వండి నెమ్మదిగా చల్లారిన మాంసం కూరలు, బిర్యానీల అడుగున ఇంకో క్రిమి పెరుగుతుంది. దాని దెబ్బ తిన్న ఆరు గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు కడుపునొప్పి, విరేచనాలుగా బయటపడుతుంది. అప్పటికి బస్సు దిగి ఉంటాం, నింద ఉదయం తిన్న ఇడ్లీ మీదికి పోతుంది. మయొనైజ్ పూసిన శాండ్‌విచ్‌లను చల్లని అల్మారాలోంచి తీస్తేనే తినాలి. పచ్చిగుడ్డుతో చేసే మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో ఏడాది పాటు నిషేధించిందంటే దాని సంగతి ఊహించుకోవచ్చు. కోసి ఉప్పు చల్లిన దోసకాయ, జామకాయ ముక్కల్లో పండుకు దోషం లేదు. కత్తికీ, వాటి మీద చిలకరించే నీళ్లకూ ఉంది. కాయను కాయగా కొని, సీసా నీళ్లతో కడుక్కుని కొరకండి. చెరకురసంలో, మజ్జిగలో వేసే ఐసు ఏ నీళ్లతో చేసిందో అమ్మేవాడికే తెలియదు.

బాత్‌రూమ్ భయంతో బస్సులో ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. ఉప్పు తిళ్లు తిని నీళ్లు తాగకపోతే తలనొప్పి, మూత్రంలో మంట తప్పవు. బస్సు ఆగే వేళకు గంట ముందు తాగడం మొదలుపెడితే చాలావరకు సర్దుకుంటుంది. స్టేషన్లలో రైల్ నీర్ లీటరు సీసా ధర 2025 సెప్టెంబరు నుంచి 14 రూపాయలు. కొనేముందు మూత సీలు చూసుకోండి. తాగేసిన సీసాను నలిపి పారేస్తే మళ్లీ నింపి అమ్మే వీలుండదు.

చంటిపిల్లల పాల విషయంలో ఖాళీ ఉండకూడదు. కాచిన పాలను ఫ్లాస్కులో పోసి దారంతా వాడుతుంటారు. ఫ్లాస్కు కొన్ని గంటల తర్వాత పాలను వేడిగానూ ఉంచదు, చల్లగానూ ఉంచదు, సరిగ్గా క్రిములకు నచ్చిన గోరువెచ్చదనంలో ఉంచుతుంది. బాగా మరిగిన నీళ్లు ఫ్లాస్కులో, పాలపొడి ఏ పూటకాపూట కొలిచి విడి డబ్బాల్లో పెట్టుకుని, అవసరమైనప్పుడే కలిపి, తాగే వేడికి చల్లార్చి పట్టాలి. మిగిలింది పారబోయాలి.

ఇంతా చేసి కడుపు చెడిందనుకోండి. మొదటి మందు ఓఆర్‌ఎస్ పొట్లం, లీటరు నీళ్లకు ఒకటి. సగం పొట్లం, అర లీటరు అని అంచనాతో కలపకూడదు. పిల్లలకు చెంచాతో, నిమిషానికో రెండు నిమిషాలకో ఒకటి చొప్పున పట్టాలి. గ్లాసుతో ఇస్తే వాంతి అవుతుంది. ఆ పేరు పెట్టుకున్న తియ్యటి డబ్బా పానీయాలు వేరు. వాటి మీద ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. పొట్లం దొరకకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చదును టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. విరేచనంలో రక్తం, ఆగని వాంతులు, పిల్లవాడు మత్తుగా పడుకోవడం కనిపిస్తే రైల్లో 139కి ఫోన్ చేసి వచ్చే పెద్ద స్టేషన్‌లో డాక్టరును అడగాలి.

తిరుగు ప్రయాణంలో వంటిల్లు ఉండదు. లాడ్జి నుంచి నేరుగా స్టేషన్‌కే. వెళ్లేటప్పుడు అంత జాగ్రత్తపడ్డవాళ్లు వచ్చేటప్పుడు ప్లాట్‌ఫారం పూరీ కూర మీద పడేది ఇక్కడే. కాశీలో అయితే దిగులు లేదు. అక్కడి వీధుల్లో ఇసుకలో వేయించిన శనగలు, మరమరాలు కళ్లముందే జల్లెడ పట్టి పొట్లం కడతారు. వేయించిన శనగల్ని విసిరిన సత్తుపిండి కిలోల లెక్కన దొరుకుతుంది. గ్లాసులో నాలుగు చెంచాలు వేసి, సీలు తీసిన సీసా నీళ్లు పోసి, ఉప్పు, నిమ్మకాయ పిండి కలిపితే పూట గడుస్తుంది. పక్కన రెండు అరటిపళ్లు, ఊరి నుంచి తెచ్చిన సీసాలో అడుగున మిగిలిన ఆవకాయ. పిండి పొడిగా ఉన్నంతసేపూ చెడదు. నీళ్లు కలిపాక మాత్రం వెంటనే తాగేయాలి.